పెళ్లి మేకప్ రేట్లు పోల్చడం ఎలా: టెక్కలి దగ్గర రాత్రి ముహూర్తం, మూడు కొటేషన్లు

లెక్క కోసం ఒక పెళ్లిని అనుకుందాం. టెక్కలికి ఆరు కిలోమీటర్ల దూరంలో పల్లె, వేసవి, రాత్రి 1:48కి ముహూర్తం. పెళ్లికూతురి తల్లి మూడు చోట్ల రేటు అడిగింది. టెక్కలిలోనే పార్లర్ నడిపే బ్యూటీషియన్ 12,000 అంది. శ్రీకాకుళం పార్లర్ వాళ్లు 18,000 అన్నారు. విశాఖ ఆర్టిస్ట్ 30,000 అని వాట్సాప్‌లో రంగురంగుల కార్డు పంపింది. మూడింటి మీదా రాసి ఉన్నది ఒకటే మాట: బ్రైడల్ ప్యాకేజీ.

"ప్యాకేజీ అంటే ఏటేటి వస్తాయమ్మా?" అని ఆ తల్లి అడిగితే ముగ్గురూ దాదాపు ఒకే జవాబు చెప్పారు: మేకప్, హెయిర్ స్టైల్, చీర కట్టడం. అలాంటప్పుడు 12 వేలకీ 30 వేలకీ మధ్య తేడా దేనికి? ఈ రేట్లు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఊళ్లో, మీ సీజన్‌లో వేరుగా ఉంటాయి. కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. మేకప్ పనిలో ఉన్నదాన్ని కాబట్టి మా వాళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉండే విషయాలు కూడా చెబుతాను.

ముందు మీ గంటలు రాసుకోండి, రేటు తర్వాత

చాలామంది నేరుగా "ఎంత తీసుకుంటారు?" అని మొదలుపెడతారు. అవతలి మనిషి తనకు అలవాటైన పనికి రేటు చెబుతుంది. మీ పెళ్లికి కావలసిన పని అది కాకపోవచ్చు. అందుకే ఫోన్ చేసేముందు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి ఒక కాగితం మీద గంటలు రాసుకోవాలి.

మన ఉదాహరణలో పంతులుగారు అమ్మాయిని 12 గంటలకు గౌరీపూజకు కూర్చోబెట్టమన్నారు. అంటే 11:30కి పూర్తిగా తయారై ఉండాలి. మేకప్, జడ, చీర, నగలు కలిపి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. పూలజడ ఉంటే మూడు గంటలే అనుకోండి. కాబట్టి 8:30కి పని మొదలవ్వాలి, ఆర్టిస్ట్ 8 గంటలకు ఇంట్లో ఉండాలి. ఇక ముందుకు లెక్కపెట్టండి. 1:48కి జీలకర్ర బెల్లం, ఆ తర్వాత మీ ఇంటి ఆచారాన్ని బట్టి మధుపర్కాలు కట్టుకోవడం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఫొటోలు. తెల్లవారుజామున 4 గంటల దాకా ముఖం కెమెరా ముందే ఉంటుంది. రాత్రి 8 నుంచి 4 దాకా ఎనిమిది గంటలు.

ఈ ఎనిమిది గంటల్లో ఆర్టిస్ట్ ఎంతసేపు ఉంటుంది? కొటేషన్ల మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. మా పనిలో మామూలు రేటంటే తయారుచేసి వెళ్లిపోవడానికి. 11:30కి సామాను సర్దేసి వెళ్లిపోతే ముహూర్తం అయ్యాక మధుపర్కం కట్టేదెవరు? మేనత్తో పిన్నో కడుతుంది. ఆవిడ చక్కగానే కడుతుంది, కానీ అప్పటికే జడకు, నగలకు, పిన్నులకు ఉన్న అమరిక ఆవిడకు తెలియదు. ఏ పిన్ను తీస్తే ఏది ఊడుతుందో వేసిన మనిషికే తెలుస్తుంది.

జీలకర్ర బెల్లం సంగతి కూడా చెప్పాలి. అది నడినెత్తిన పెడతారు. బెల్లం వేడికి కరిగి పాపిటలోకి దిగుతుంది. అక్కడ జుట్టును పఫ్ చేసి, స్ప్రే కొట్టి, పాపిడి బిళ్ళ బిగించేసి ఉంటే తుడవడానికి వీలుండదు. మన పెళ్లిళ్లు బాగా చేసిన మనిషి నడినెత్తిన చోటు వదిలి జడ వేస్తుంది. బాసికం దారం నుదుటి మీద ఎక్కడ పడుతుందో కూడా చూసుకుని అక్కడ బేస్ పలచగా వేస్తుంది, లేకపోతే దారం జరిగిన ప్రతిసారీ గీత పడుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఫోన్‌లోనే అడగండి: "జీలకర్ర బెల్లానికి జడ ఎలా వేస్తారు? బాసికం కట్టాక నుదురు ఎలా సరిచేస్తారు?" జవాబు వచ్చే తీరును బట్టి ఆమె ఎన్ని ముహూర్తాలు చూసిందో మీకు అర్థమైపోతుంది. రిసెప్షన్ మేకప్‌లు మాత్రమే చేసినవాళ్లు కాసేపు తడబడతారు.

గంటలు, ప్రయాణం కలిపి అసలు ఖర్చు

ఇప్పుడు ముగ్గురికీ ఒకే ప్రశ్నలు వేయాలి. ఎన్ని గంటలకు ఎంత? దాటితే గంటకు ఎంత? అర్ధరాత్రి దాటితే వేరే ఛార్జీ ఉందా? రెండో చీర కడితే ఎంత? ప్రయాణం ఎవరిది? తెల్లవారుజామున ఆమెను ఎవరు దింపాలి?

టెక్కలి బ్యూటీషియన్ 12,000లో పెళ్లికి ముందు ఒకసారి వేసి చూపించే ట్రయల్ లేదు, తయారుచేశాక పెళ్లి దాకా ఉండడమూ లేదు. అడిగితే ట్రయల్‌కు 1,500, 4 గంటల దాకా ఉండడానికి 2,500, మధుపర్కం కట్టడానికి 500 అంది. తీసుకురావడం, దింపడం మనవే, అది ఇంకో 500. మొత్తం 17,000.

శ్రీకాకుళం పార్లర్ 18,000లో ట్రయల్ ఉంది, రెండో చీర ఉంది. కానీ అది నాలుగు గంటల రేటు. మిగిలిన నాలుగు గంటలకు గంటకు 1,000 చొప్పున 4,000. రాత్రి ఛార్జీ 2,000. శ్రీకాకుళం నుంచి టెక్కలి 50 కిలోమీటర్ల పైచిలుకు. కారు రాత్రంతా ఆగాలి, దారిలో మడపాం టోల్ ఉంది. కారుకు 3,500 అనుకున్నాం. మొత్తం 27,500.

విశాఖ ఆర్టిస్ట్ 30,000లో రాత్రంతా ఉండడం, అసిస్టెంట్, చీరలు అన్నీ ఉన్నాయి. ఇక్కడ తేడా అంతా ప్రయాణంలో ఉంది. విశాఖ నుంచి టెక్కలి దాదాపు 160 కిలోమీటర్లు, రానూపోనూ 320. నాతవలస, మడపాం రెండు టోల్‌గేట్లూ రెండుసార్లు దాటాలి. కారు, డ్రైవర్ బత్తా కలిపి 8,000, వాళ్లు కాసేపు నడుం వాల్చడానికి టెక్కలిలో గది 1,500. ట్రయల్ 4,000, అదీ విశాఖలో ఆమె స్టూడియోలోనే. అమ్మాయి, తోడుగా ఒకరు వెళ్లి రావడానికి ఇంకో 2,500. మొత్తం 46,000.

కార్డుల మీద 12, 18, 30 వేలుగా ఉన్నవి మన గుమ్మం దాకా వచ్చేసరికి 17, 27.5, 46 వేలు అయ్యాయి. టెక్కలికీ శ్రీకాకుళానికీ ఆరు వేల తేడా అనుకున్నది పదిన్నర వేలు అయింది. అడగకపోతే ఈ తేడా పెళ్లి రోజున తెలుస్తుంది. ఆ రోజు బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు, అడిగినంతా ఇచ్చేస్తారు.

శ్రీకాకుళం లెక్కను తగ్గించే దారి ఒకటి ఉంది. ముఖం మీద పనంతా 11:30కి అయిపోతుంది. తర్వాత కావలసింది టచప్, చీర మార్పిడి. దానికి మెయిన్ ఆర్టిస్టే అక్కర్లేదు, చేయి తిరిగిన అసిస్టెంట్ చాలు. "మీరు పన్నెండున్నరకు వెళ్లిపోండి, మీ అసిస్టెంట్‌ను ఉంచండి" అంటే ఆ 4,000 బదులు 2,000కు ఒప్పుకునేవాళ్లు ఉంటారు. అయితే ఒకే కారు కాబట్టి మెయిన్ ఆర్టిస్ట్ వెళ్లాక అసిస్టెంట్‌ను తెల్లవారాక బస్సెక్కించే బాధ్యత మీది. ఆడపిల్లను అర్ధరాత్రి హైవే మీద వదిలేయకూడదు కదా, ఆ ఏర్పాటు ముందే అనుకోండి.

ఇక్కడే ఇంకో ప్రశ్న: "ఆ రాత్రి మీకు ఇంకో బుకింగ్ ఉందా?" మంచి ముహూర్తం రాత్రి జిల్లా అంతా పెళ్లిళ్లే. ఒకే మనిషి నరసన్నపేటలో ఒక పెళ్లికూతుర్ని ఆరింటికి మొదలుపెట్టి, మీ ఊరికి ఎనిమిదిన్నరకు వస్తానని మాటిస్తుంది. అక్కడ చీర రావడం అరగంట ఆలస్యమైతే మీ దగ్గర గంట ఆలస్యం. అప్పుడు పూర్తి బేస్ వేయకుండా పరుగుమీద లాగించేస్తారు. రెండో బుకింగ్ ఉంటే మీరు వద్దనాలని కాదు, మొదటిది మీదే అయ్యేలా చూసుకోండి.

ప్రొడక్ట్స్: పేరు కాదు, ఏది ముఖం మీద ఎక్కడ

రేటు ఎక్కువెందుకు అంటే వచ్చే మొదటి జవాబు "మా ప్రొడక్ట్స్ ఇంటర్నేషనల్ అండీ". దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ బాటిల్ 4,000 అనుకోండి. ఒక పెళ్లికూతురి ముఖానికి, మెడకు దాదాపు 2 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 270 రూపాయల లోపే. ప్రైమర్, కన్సీలర్, పౌడర్, సెట్టింగ్ స్ప్రే, కనురెప్పల లాషెస్ అన్నీ ఖరీదైనవే వేసినా ఒక ముఖానికి పడే సరుకు ఖర్చు రెండు వేలు దాటడం కష్టం. కాబట్టి 18 వేల తేడాకు ప్రొడక్ట్స్ కారణం కాదు. ఆ డబ్బు చేతి పనికి, ఆమె డిమాండ్‌కు, ఆ రోజు ఇంకే పనీ ఒప్పుకోనందుకు ఇస్తున్నాం. అది తప్పేమీ కాదు, కానీ దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

అయితే సరుకు ముఖ్యం కాదా అంటే, చాలా ముఖ్యం. మన తీరం ఉక్కకు, హోమం సెగకు ఎనిమిది గంటలు నిలవాలి. కాబట్టి బ్రాండ్ల చాంతాడు లిస్టు అడక్కండి. బేస్ ఏది, దాన్ని సెట్ చేసే పౌడర్ ఏది, చివర్లో కొట్టే స్ప్రే ఏది అని మూడే అడగండి. కార్డు మీద మ్యాక్, హుడా బ్యూటీ అని ఉంటుంది, తీరా చూస్తే లిప్‌స్టిక్, ఐషాడో మాత్రమే అవి, బేస్ వేరేది అయి ఉంటుంది. ఐషాడో ఏదైనా పెద్ద నష్టం లేదు. బేస్ తేడా వస్తే ముఖమంతా తేడా వస్తుంది. ఇండియన్ బ్రాండ్ బేస్ అయినా మీ చర్మానికి సరిపడి, చెమటకు నిలిస్తే చాలు. నాకు ఆ పట్టింపు లేదు.

"హెచ్‌డీ మేకప్" అనేది ఒక ప్రొడక్ట్ పేరు కాదు. కెమెరాలో పొరలు కనబడకుండా పలచగా వేసే పద్ధతికి అందరూ వాడుతున్న మాట. ఒక పార్లర్ హెచ్‌డీకీ ఇంకో పార్లర్ హెచ్‌డీకీ సంబంధం ఉండకపోవచ్చు. ఎయిర్‌బ్రష్ మాత్రం నిజంగా వేరే పని. చిన్న కంప్రెసర్‌తో గన్ ద్వారా సన్నగా చల్లుతారు. తేలికగా ఉంటుంది, బాగా నిలుస్తుంది. కానీ కన్నీళ్లు కారి గీత పడితే మామూలు బేస్‌లా వేలితో అద్ది సరిచేయడం కష్టం. అప్పగింతలప్పుడు ఏడవని పెళ్లికూతురు ఉంటుందా? దీనికి అదనంగా 5,000 అడిగితే, సిలికాన్ రకమా నీళ్ల రకమా అని అడగండి. సిలికాన్ రకం చెమటకు, తడికి ఎక్కువ ఆగుతుంది. పల్లెలో కరెంటు పోతే కంప్రెసర్ ఎలా నడుస్తుందో కూడా ఆలోచించుకోండి.

నకిలీ సరుకు భయం నిజమైనదే. ట్రయల్ రోజున బాటిల్, దాని డబ్బా చూపించమని అడగొచ్చు, అందులో మొహమాటం లేదు. విదేశాల నుంచి చట్టప్రకారం వచ్చిన కాస్మెటిక్ లేబుల్ మీద దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. వెనకాల మూత తీసిన డబ్బా బొమ్మలో 6, 12 లాంటి అంకె ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. మస్కారా అయితే అంతకంటే త్వరగా పాడవుతుంది, కంటికి తగిలేది కాబట్టి పాతది అస్సలు వద్దు. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవులకు రాస్తున్నారా, ప్లేటు మీదకు తీసి బ్రష్‌తో వేస్తున్నారా అన్నది గమనించండి. ఖరీదైన ప్రొడక్ట్ కంటే నేను ఈ అలవాటునే ముందు చూస్తాను.

ట్రయల్‌లో ఏం చూడాలి

ట్రయల్ డబ్బు దండగ అనుకుని 1,500 మిగుల్చుకునేవాళ్లు ఉన్నారు. నా అభిప్రాయంలో ప్యాకేజీలో దేన్నైనా తగ్గించండి, దీన్ని మాత్రం కాదు. కానీ ట్రయల్ చేసే తీరు ఉంది.

పార్లర్ ఏసీలో, రింగ్ లైట్ ముందు అందరి మేకప్పూ బాగుంటుంది. అద్దంలో చూసి, ఫొటో దిగి, ఇంటికెళ్లి కడిగేసుకుంటే ఏమీ తెలియదు. మధ్యాహ్నం పూట ట్రయల్ పెట్టించుకోండి. అయ్యాక ఎండలోకి వచ్చి ముఖాన్ని, మెడను, చెవుల వెనకను పక్కపక్కన చూడండి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితే బేస్ షేడ్ తప్పు. కొన్ని ఫౌండేషన్లు గంటా రెండు గంటలకు ముదిరి నారింజ రంగుకు తిరుగుతాయి. కాబట్టి వెంటనే కాదు, రెండు గంటలకు మళ్లీ చూడాలి. తర్వాత ఇంట్లో ఫ్యాన్ కింద, వీలైతే వంటింట్లో కాసేపు తిరగండి. కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి. ముక్కు పక్కల, పై పెదవి మీద, కళ్ల కింద గీతల్లో ఏం జరుగుతుందో చూడండి. బేస్ విడిపోయి మచ్చలుగా తేలితే ప్రైమర్‌కీ ఫౌండేషన్‌కీ పొసగలేదని అర్థం. అదే రోజు చెబితే ఆర్టిస్ట్ మార్చగలదు.

చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయండి. కళ్ల కింద, ముక్కు మీద తెల్లగా పిండి రాసినట్టు వస్తే అది పౌడర్ దోషం. కొన్ని సన్నని తెల్ల పౌడర్లు, ఎస్‌పీఎఫ్ ఎక్కువ ఉన్న క్రీములు ఫ్లాష్ వెలుగును వెనక్కి కొడతాయి. రాత్రి ముహూర్తానికి ఫొటోలన్నీ ఫ్లాష్‌లోనే కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

చివరిది, ట్రయల్ ఎవరు చేశారో పెళ్లికి వాళ్లే రావాలి. పార్లర్ యజమాని ట్రయల్ చేసి, రద్దీ రాత్రి జూనియర్‌ను పంపడం మా దగ్గర మామూలే. మన ఉదాహరణలో శ్రీకాకుళం ప్యాకేజీలో ట్రయల్ ఉచితం అన్నారు కదా, చేసేది ఎవరని అడగండి. జూనియర్ వచ్చేటట్టయితే ఆ జూనియర్ చేతనే ట్రయల్ చేయించుకుని, రేటు తగ్గించమనండి. మూఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో వాళ్లకు ఖాళీ ఉంటుంది. ట్రయల్ అప్పుడే పెట్టుకుంటే హడావుడి లేకుండా చేస్తారు.

మన పెళ్లికూతురు టెక్కలి బ్యూటీషియన్ దగ్గర ట్రయల్ చేయించుకుందనుకోండి. జడ, చీర చక్కగా వచ్చాయి, బాసికం గురించి ఆమెకు బాగా తెలుసు. కానీ ఆమె దగ్గర ఉన్న రెండు షేడ్లలో ఏదీ చామనఛాయకు కలవలేదు, రెండు గంటలకు ముఖం బూడిద రంగుకు తిరిగింది. అప్పుడు 27,500కు వెళ్లడం ఒక దారి. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: "నా షేడ్‌కు సరిపడే ఫౌండేషన్ నేనే కొనిస్తాను, దానితో ఇంకోసారి చేసి చూపిస్తారా?" బాటిల్‌కు రెండు మూడు వేలు, రెండో ట్రయల్‌కు 1,500 వేసుకున్నా 21,500 దాటదు. రెండోసారి బాగా వస్తే ఆరు వేలు మిగులుతాయి, బాటిల్ కూడా అమ్మాయికే ఉంటుంది. రెండోసారీ బేస్ గడ్డలు కట్టినట్టు వస్తే మాత్రం తప్పు సరుకులో లేదు. అప్పుడు శ్రీకాకుళానికి ఫోన్ చేయాల్సిందే.

పెళ్లికి ముందు పార్లర్ ప్యాకేజీ

ఫేషియల్, బ్లీచ్, వాక్సింగ్, మానిక్యూర్, పెడిక్యూర్, హెయిర్ స్పా అన్నీ కలిపి ప్రీ బ్రైడల్ అని ఒక రేటు చెబుతారు. దీన్ని పోల్చడం తేలిక. ఒక్కోదాని విడి రేటు అడిగి, మీరు చేయించుకోని వాటిని కొట్టేసి, మిగిలినవి కూడండి. చాలాసార్లు విడివిడిగానే తక్కువ అవుతుంది. "మేకప్‌తో పాటు ఫ్రీ" అన్న ఫేషియల్ ఎప్పుడు చేస్తారో చూసుకోండి. పెళ్లికి రెండు రోజుల ముందు కొత్త రకం ఫేషియల్ చేయించుకుని ముఖం పొక్కితే ఏ బేసూ కప్పలేదు. ఆఖరి ఫేషియల్‌కూ పెళ్లికీ వారం తేడా ఉంచండి. బ్లీచ్‌కు, జుట్టు రంగుకు 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడమని అడగాలి.

ఒప్పందం, అడ్వాన్స్

నోటి మాట చాలదు. ఒప్పుకున్నది ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో రాసి, "ఓకే" అనిపించుకోండి. ఇలా ఉంటే చాలు:

"మేడమ్, ఫలానా తేదీ రాత్రి 8 గంటలకు మా ఇంటికి వస్తారు. 11:30కి తయారీ పూర్తి. తెల్లవారుజామున 4 దాకా మీరు లేదా ట్రయల్‌లో ఉన్న మీ అసిస్టెంట్ ఉంటారు. మేకప్, జడ, రెండు చీరలు, టచప్, లాషెస్, రాత్రి ఛార్జీ అన్నీ కలిపి ఇంత. పూలజడ పూలు, నగల అద్దె ఇందులో లేవు. కారు మాది. అడ్వాన్స్ ఇంత ఇచ్చాం, మిగిలింది పని అయ్యాక."

పూలజడను విడిగా రాయడం మర్చిపోకండి. కొందరు ప్యాకేజీలో ఉందంటారు, అంటే అల్లిన జడను అమర్చడం మాత్రమే ఉంది, పూల ఖరీదు వేరే. సవరం, జడ బిళ్ళలు కూడా అంతే. అమ్మకో వదినకో కూడా మేకప్ కావాలంటే తలకు ఎంతో ఇప్పుడే అడగండి. ఆ రాత్రి "పిన్నికి కూడా కొంచెం వేసేయండమ్మా" అన్నది కొంచెంతో ఆగదు, ఆ అరగంట పెళ్లికూతురి గంటల్లోంచే పోతుంది.

బిల్లులో జీఎస్టీ అని కలిపితే నంబర్ అడగండి. 15 అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి, మన రాష్ట్రంలో రిజిస్టర్ అయినదైతే 37తో మొదలవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్, బ్యూటీ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత కార్డు మీద ఇంకా 18 అని ఉంటే మార్పించండి. రిజిస్ట్రేషన్ లేని చిన్న పార్లర్ అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు.

అడ్వాన్స్ మూడో వంతు దాటనివ్వకండి. ముహూర్తం మారితే అది కొత్త తేదీకి జమ అవుతుందా, పోతుందా అన్నది అదే మెసేజ్‌లో రాయించుకోండి. అలాగే ఆర్టిస్ట్‌కు జ్వరం వచ్చి రాలేకపోతే ఎవరిని పంపుతుంది, ఆ మనిషి రేటు ఎంత అన్నది కూడా. ఈ ఆఖరి ప్రశ్నకు "అలా ఎప్పుడూ జరగలేదండీ" అని నవ్వేసి ఊరుకునేవాళ్లకు అడ్వాన్స్ పంపేముందు ఇంకోసారి అడగండి.